పళ్ళు అడిగితే పాలు వచ్చాయి

జూన్ చివర్లో మా అక్క, తన కూతురితో డాలస్ నుంచి ఏలూరు వచ్చింది. పిల్లకు తొమ్మిదేళ్ళు. పుట్టింది, పెరిగింది అక్కడే. ఇంట్లో తెలుగు వింటుంది, బాగానే అర్థం చేసుకుంటుంది, అడిగితే మాట్లాడుతుంది. వచ్చిన మూడో రోజు పొద్దున్నే వంటింటి గుమ్మంలో నిలబడి, "అమ్మమ్మా, పళ్ళు కావాలి" అంది. అంటే, తను అలా అన్నాననుకుంది. మా అమ్మ పాలు కాచి, పంచదార వేసి, రెండు గ్లాసుల మధ్య తిరగబోసి చల్లార్చి తెచ్చి చేతికిచ్చింది. పిల్ల గ్లాసు వంకా అమ్మమ్మ వంకా మార్చి మార్చి చూసి, బల్ల మీద బుట్టలో ఉన్న మామిడిపళ్ళ వైపు వేలు చూపించి మళ్ళీ అదే మాట అంది. ఈసారి నేను చెవి ఒగ్గి విన్నాను. 'ప'ని సాగదీసింది. 'ళ్ళు'ని ఒక్క 'లు'గా తేల్చేసింది. పాలు అని వినబడడంలో వింతేమీ లేదు.

"దీని నోట్లో అక్షరాలు ఎక్కడికక్కడ జారిపోతున్నాయేమిటిరా" అంది అమ్మ నాతో.

రెండు రోజుల తర్వాత ఇంకొకటి జరిగింది. సాయంత్రం అందరం కొల్లేరు వైపు వెళ్దామనుకున్నాం. "మీ అమ్మకు చెప్పావా?" అని పిల్లను అడిగాను. "చెప్పను" అంది. పిల్ల మొహంలో పెంకితనమేమీ లేదు, కానీ మాట మాత్రం పెంకిగా ఉంది. "చెప్పవా? ఎందుకు చెప్పవు?" అంటే కంగారుపడిపోయింది. తర్వాత తెలిసింది, గంట క్రితమే చెప్పేసిందట. తను అన్నది 'చెప్పాను'. నేను విన్నది 'చెప్పను'. అక్కడ మాయమైంది ఒక్క దీర్ఘం. దానితోపాటు జరిగిపోయిన పని కాస్తా జరగని పనిగా మారిపోయింది.

ఆ రాత్రి పడుకున్నాక నాకు పదేళ్ళ నాటి ఒక ఫోన్ కాల్ గుర్తొచ్చింది. ఈ వ్యాసం దాని వల్లే రాస్తున్నాను.

అదే తప్పు అటు నుంచి

అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరి ఏడాది కూడా కాలేదు. అమెరికాలో ఉన్న మేనేజరు, ఒక పని శుక్రవారానికి అవుతుందా అని అడిగాడు. చేయగలనన్నాను. ఇంగ్లీషులోనే, వ్యాకరణం తప్పు లేకుండా, ఒక్కో మాటా స్పష్టంగా పలికి మరీ చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఆగి, పరవాలేదు, ఇంకెవరికైనా ఇస్తానన్నాడు. మర్నాడు ఆ పని పక్క సీటు అతనికి వెళ్ళింది. నా మీద నమ్మకం లేదని నొచ్చుకున్నాను. ఆరు నెలలకు ఆయన హైదరాబాద్ వచ్చినప్పుడు మాటల్లో ఆ సంగతి వస్తే, "చేయలేనని నువ్వే అన్నావు కదా" అన్నాడు.

నేను అన్నది 'క్యాన్'. ఆయన విన్నది 'క్యాంట్'.

చేయగలను అని చెప్పేటప్పుడు అమెరికన్ నోట్లో 'క్యాన్' నిండుగా పలకదు. అది 'కన్'లాగా, ఒక్కోసారి అచ్చే లేని 'క్న్'లాగా తర్వాతి క్రియకు అంటుకుపోతుంది. బరువంతా ఆ క్రియ మీద పడుతుంది. లేను అని చెప్పాలంటే మాత్రం ఆ అచ్చు నిండుగా వస్తుంది, చివరి 'ట్' గొంతులోనే ఆగిపోతుంది. కాబట్టి వాళ్ళ చెవి 'ట్' కోసం వెతకదు. అచ్చు నిండుగా ఉందా, నలిగిందా అని చూస్తుంది. నేను 'క్యాన్'ని నిండుగా, గౌరవంగా పలికాను. అందుకే అది లేదు అన్నట్టయింది. బడిలో మాకు నేర్పిన బ్రిటిష్ పద్ధతిలో ఈ చిక్కు ఇంత లేదు. 'క్యాన్', 'కాంట్' అని అచ్చే మారిపోతుంది కాబట్టి లండన్‌లో అయితే బతికిపోయేవాడిని.

ఇప్పుడు ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. మేనకోడలు తెలుగులో నలపకూడని అచ్చును నలిపింది, అవును కాస్తా కాదు అయింది. నేను ఇంగ్లీషులో నలపాల్సిన అచ్చును నలపలేదు, నాకూ అవును కాస్తా కాదు అయింది. ఇద్దరం సొంత భాష అలవాటునే పాటించాం. ఇద్దరి మాటా అవతలివాళ్ళకు విదేశీ మాటలా వినబడింది. మామాకోడళ్ళం సరిపోయాం.

చప్పట్ల పాఠం

ఆ ఫోన్ కాల్ తర్వాతి ఏడాది కంపెనీ మాకు ఉచ్చారణ తరగతులు పెట్టించింది. శిక్షకురాలు బోర్డు మీద రెండు వాక్యాలు రాశారు. మొదటిది మూడే మాటలు: క్యాట్స్, ఈట్, మైస్. రెండోది అదే సంగతిని సాగదీసి చెప్పినది: ద క్యాట్స్ హావ్ బీన్ ఈటింగ్ ద మైస్. నొక్కి పలికే చోటును ఊనిక అంటారు, రెండింటిలోనూ మూడే ఊనికలు కాబట్టి రెండింటికీ ఒకే సమయం పట్టాలన్నారు. ఇంగ్లీషులో ఊనికకూ ఊనికకూ మధ్య ఎడం సమానం, మీ భాషలో అక్షరానికీ అక్షరానికీ ఎడం సమానం, తేడా అంతా ఇక్కడే ఉందన్నారు. తర్వాత ఇరవై మందిమి బల్లల మీద చరుస్తూ పిల్లులనూ ఎలుకలనూ వల్లించాం. చరుస్తున్నంతసేపూ అద్భుతంగా కుదిరింది. చరవడం ఆపగానే ఎవరి ఇంగ్లీషు వారికి తిరిగి వచ్చేసింది.

ఆ సిద్ధాంతం ఆవిడ సొంతం కాదు. 1940లో బీబీసీకి ఉచ్చారణ సలహాదారుగా ఉన్న ఆర్థర్ లాయిడ్ జేమ్స్, కొన్ని భాషలు మరతుపాకీ మోతలా ఉంటాయనీ ఇంగ్లీషు మోర్స్ కోడ్ లాంటిదనీ పోలిక తెచ్చాడు. 1945లో కెనెత్ పైక్ ఈ రెండు రకాల లయకు పేర్లు పెట్టాడు. ఊనికను బట్టి నడిచేది ఒకటి, అక్షరాన్ని బట్టి నడిచేది మరొకటి. 1967లో ఎడిన్‌బరో ధ్వనిశాస్త్రవేత్త డేవిడ్ ఎబర్‌క్రోంబీ మరీ ముందుకు వెళ్ళి, లోకంలోని భాషలన్నీ ఈ రెండు గూళ్ళలో ఏదో ఒకదానిలో పడతాయన్నాడు. ఒక గూట్లో ఇంగ్లీషు, రష్యన్, అరబిక్‌లను పెట్టాడు. రెండో గూట్లో ఫ్రెంచి, యొరుబా, ఇంకా మన తెలుగు. అవును, ప్రపంచ భాషల్లోంచి ఏరిన ఆరు ఉదాహరణల్లో తెలుగు ఒకటి. ఇది చదివిన రోజు నాకు చిన్నపిల్లాడిలా గర్వం కలిగింది. ఆ గర్వం ఎన్నాళ్ళో నిలవలేదు.

1982లో పీటర్ రోచ్ సరిగ్గా ఆ ఆరు భాషలనే తీసుకుని, మాటలు రికార్డు చేసి, కొలిచి చూశాడు. అక్షరాల నిడివి సమానంగా ఉండాల్సిన భాషల్లో అది సమానంగా లేదు. ఊనికల మధ్య ఎడం సమానంగా ఉండాల్సిన ఇంగ్లీషులో అదీ లేదు. రెండు గూళ్ళూ కొలబద్ద ముందు నిలబడలేదు.

ఇది చదివి నేనూ ఇంట్లో కూర్చుని Praat తెరిచాను. ఆమ్‌స్టర్‌డామ్‌లో తయారైన ఉచిత సాఫ్ట్‌వేర్ అది. మాటను తరంగంగా చూపిస్తుంది, ఏ ముక్క ఎంతసేపు పలికిందో కొలుచుకోవచ్చు. ఒక అమెరికన్ సహోద్యోగి చేత, సంగతి చెప్పకుండా, ఆ పిల్లుల వాక్యాలు రెండూ మామూలుగా చదివించాను. రెండోది కచ్చితంగా ఎక్కువసేపే పట్టింది. ఎన్ని అక్షరాలు పెరిగాయో అంత పెరగలేదు, నిజమే. మధ్యలో వచ్చిన చిన్న మాటలన్నీ బాగా నలిగాయి. కానీ సమానమైతే కాలేదు. చప్పట్లు కొట్టినప్పుడు కుదిరింది పాట కనుక. పాటకు ఏ భాషైనా తాళం వేస్తుంది.

నా మాట ఇది. విదేశీతనానికి కారణం తప్పుగా నడిచే గడియారం కాదు. ఏ అచ్చును నలపవచ్చు, ఏది నలపకూడదు అన్న ఒప్పందం రెండు భాషల్లో వేర్వేరుగా ఉండడమే కారణం. లయ అని మనకు వినబడేది ఆ ఒప్పందం వదిలే జాడ. గడియారాన్ని సరిదిద్దాలని బల్లలు చరిచేవాళ్ళు జాడను పట్టుకుని మనిషిని వదిలేస్తున్నారు.

బరువు ఎక్కడ పెడతాం

తెలుగువాళ్ళకు ఈ సంగతి గురులఘువులతో చెబితే వెంటనే అర్థమవుతుంది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. 'పాలు' అన్నా 'పళ్ళు' అన్నా గురువు, లఘువు, మొత్తం మూడు మాత్రలు. ఒకదానిలో గురువు బరువు దీర్ఘంలో ఉంది, రెండోదానిలో ద్విత్వంలో ఉంది. మన చెవికి రెండూ ఒకే తూకం, వేర్వేరు సరుకు. ఇంగ్లీషులో మాట మధ్య హల్లును రెట్టించి పలకడం లేదు. స్పెల్లింగులో రెండు 'ఎల్'లు ఉన్నా పలికేది ఒకటే. ఊనిక ఉన్న అచ్చును కాస్త సాగదీయడం మాత్రం ఉంది. అందుకని మేనకోడలు 'ప' మీద బరువు ఉందని సరిగ్గానే పట్టుకుంది, ఆ బరువును తనకు తెలిసిన చోట, అచ్చులో, పెట్టింది. ఛందస్సు తప్పలేదు, ప్రాస తప్పింది.

మనం ఇంగ్లీషు మాటలను తెచ్చుకున్నప్పుడు దీన్నే తిరగేసి చేశాం. పొడుగు అచ్చు ఉన్నవి కారు, రైలు, కేకు అయ్యాయి. పొట్టి అచ్చు ఉన్నవి బస్సు, కప్పు, పెన్ను అయ్యాయి. ఎవరూ నియమం పెట్టలేదు. 'బసు' అంటే బరువు చాలదని ఊరందరి చెవికీ తెలుసు, అంతే.

'గుడి', 'పని', 'కల' లాంటి మాటల దగ్గర మాత్రం పిల్ల ఛందస్సూ తప్పుతుంది. అక్కడ రెండూ లఘువులే, బరువు ఎక్కడా లేదు. ఇంగ్లీషు అలవాటుకు ప్రతి మాటలోనూ ఆనుకోవడానికి ఒక స్తంభం కావాలి. లేకపోతే కట్టుకుంటుంది. 'గూడి' అంటుంది. 'కల వచ్చింది' అనబోయి 'కాల వచ్చింది' అంటుంది. స్తంభం కట్టాక పక్కవాటిని నలిపేస్తుంది. 'చెప్పాను'లో 'చె' మీద నిలబడింది కాబట్టి 'ప్పా' కుంగిపోయింది. ఇంగ్లీషులో ఆ స్థానంలో ఉన్న అచ్చు కుంగినా పెద్దగా నష్టం లేదు. తెలుగులో భూతకాలం, వ్యతిరేకం, ప్రశ్న అన్నీ మాట తోకలోనే ఉంటాయి. వెళ్ళాను, వెళ్ళను. వస్తాడు, వస్తాడా. తోక నలిపితే వాక్యం చచ్చిపోతుంది.

అటువైపు చూస్తే, ఇంగ్లీషులో అన్నిటికంటే ఎక్కువగా పలికే అచ్చుకు మన అక్షరమాలలో చోటే లేదు. నోరు సగం తెరిచి, నాలుకను ఎటూ కదపకుండా, గొంతు ఊరికే వదిలితే వచ్చే అచ్చు అది. ఒక్క మాటల కుటుంబంతో దాని పనితనం చూడవచ్చు. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద. 'ఫోటోగ్రాఫర్' అనేసరికి అది రెండో అక్షరం మీదికి జరుగుతుంది, అప్పుడు మొదటి 'ఫో' నలిగి 'ఫ'కు దగ్గరవుతుంది, 'గ్రా' కూడా నలుగుతుంది. ఇంచుమించు 'ఫటాగ్రఫర్' అన్నట్టు వస్తుంది. 'ఫోటోగ్రాఫిక్' అంటే ఊనిక 'గ్రా' మీదికి పోతుంది, రెండో అక్షరం నలుగుతుంది. మనం మూడింటిలోనూ 'ఫోటోగ్రాఫ్' అన్న దిమ్మెను కదపకుండా చివర తోకలు తగిలిస్తాం. మనవరకూ ఇది శుభ్రమైన పద్ధతి. ఇంగ్లీషు శ్రోత మాత్రం ఏ అక్షరం ఉబికిందో దాన్నిబట్టి మాటను వెతుక్కుంటాడు. అన్నీ ఉబికి ఉంటే ఏ అరలో వెతకాలో తెలియదు.

ఇది నా ఊహ మాత్రమే కాదు. హైదరాబాద్‌లో 1958లో మొదలైన కేంద్ర ఆంగ్ల సంస్థలో పనిచేసిన ఆర్. కె. బన్సల్, 1969లో భారతీయుల ఇంగ్లీషు ఇతర దేశాల వాళ్ళకు ఎంతవరకు అర్థమవుతోందో పరీక్షించి పుస్తకం వేశాడు. అర్థం కాకపోవడానికి ఆయన చూపిన ముఖ్య కారణాల్లో, మాటలో ఊనిక తప్పు అక్షరం మీద పడడం ఒకటి. మేము బల్లలు చరిచిన చోటికి ఆ సంస్థ ఎంతో దూరం లేదు.

నన్ను వదలని అనుమానాలు

నా వాదానికి అన్నిటికంటే పెద్ద అడ్డు పసిపిల్లలు. 1998లో ఫ్రాన్స్‌లో, పుట్టి కొద్ది రోజులే అయిన శిశువులకు ఇంగ్లీషు, జపనీస్ వాక్యాలు వినిపించారు. మాటలు తెలియకుండా పైస్థాయి ధ్వనులు వడగట్టేశారు, గోడ అవతలి మాటల్లా గొణుగుడే మిగిలింది. అయినా పిల్లలు రెండు భాషలనూ వేరుగా గుర్తించారు. ఇంగ్లీషునూ డచ్చినీ మాత్రం విడదీయలేకపోయారు. అర్థం, వ్యాకరణం, ఒప్పందం ఏమీ తెలియని పసిగుడ్డుకు లయ వినబడుతోందంటే, లయ జాడ మాత్రమే అని నేనెలా అంటాను?

చాలా రోజులు దీనితో ఇబ్బంది పడ్డాను. ఆ శిశువులకు గడియారం వినబడిందని అనుకోనక్కరలేదని ఇప్పుడు అనుకుంటున్నాను. ఆ బృందంలోని వాళ్ళే మరుసటి ఏడాది ఎనిమిది భాషల్లో, మాట్లాడే సమయంలో అచ్చులకు ఎంత వాటా వెళ్తోంది, హల్లుల గుంపులు ఎంత హెచ్చుతగ్గులుగా ఉన్నాయి అని కొలిచారు. ఇంగ్లీషు, డచ్చి ఒక వైపు చేరాయి. ఫ్రెంచి, స్పానిష్, ఇటాలియన్ ఒక వైపు. జపనీస్ విడిగా నిలిచింది. అచ్చులు నలిగే చోట, హల్లులు గుంపుగా వచ్చే చోట ధ్వని గుట్టలు గుట్టలుగా ఉంటుంది. నలగని చోట సమంగా పారుతుంది. పసిపిల్ల గుట్టలు వింది. ఆ గుట్టలు ఎందుకున్నాయో తర్వాత నేర్చుకుంటుంది. ఈ లెక్కల మీద కూడా విమర్శలు ఉన్నాయి. మనిషి మారినా, వాక్యం మారినా అంకెలు మారిపోతాయన్నది అందులో గట్టిది. కాబట్టి దీన్ని రుజువని అనను.

రెండో అనుమానం తెలుగు మీదే. మనం అచ్చులు మింగమా? 'అడుగుతాను' అని రాస్తాం, 'అడుగ్తాను' అంటాం. మధ్యలో ఉన్న పొట్టి అచ్చును తెలుగువాడు నిత్యం మింగుతాడు. ఒకరోజు బస్సులో కూర్చుని దీని మాత్రలు లెక్కపెట్టాను. 'అడుగుతాను' ఆరు మాత్రలు. 'గు'లో అచ్చు పోతే సంయుక్తం ముందున్న 'డు' గురువవుతుంది, 'అడుగ్తాను' కూడా ఆరే. అచ్చు పోయినా లెక్క పోలేదు! ఎగిరి గంతేయబోయి, 'మాట్లాడుతాను' చూశాను. అది ఎనిమిది, 'మాట్లాడ్తాను' ఏడు. 'ట్లా' ముందే గురువు కాబట్టి ఇంక పెరగడానికి వీల్లేదు. సిద్ధాంతం రెండో ఉదాహరణకే కూలింది. అయినా ఒకటి మిగిలింది. మనం మింగేది ఎప్పుడూ పొట్టి అచ్చునే. 'తా'ని ఎవరూ మింగరు. ఎంత తొందరలో ఉన్నా, ఎంత కోపంలో ఉన్నా మింగరు.

అసలు మనది అక్షరాలను లెక్కపెట్టే లయేనా అన్నదీ అనుమానమే. గురువుకు రెండు మాత్రలు ఇచ్చే చెవి, అక్షరాలన్నీ సమానం అంటే ఒప్పుకోదు. 2007లో లలితా మూర్తి, తకాషి ఒటాకే, ఆన్ కట్లర్ తెలుగువాళ్ళకు జపనీస్ మాటలు వినిపించి, ఫలానా ముక్క వినబడగానే చెప్పమన్నారు. ఆ ముక్క మాత్రల హద్దులో ఇమడకపోతే తెలుగువాళ్ళూ జపనీయులలాగే తడబడ్డారు. తెలుగు మాటలతో చేసినప్పుడు ఫలితం అంత స్పష్టంగా రాలేదు కానీ, మన చెవి జపాన్ చెవికి చుట్టమని మాత్రం తేలింది. ఎబర్‌క్రోంబీ మనల్ని ఫ్రెంచివాళ్ళ పక్కన కూర్చోబెట్టాడు. నాకైతే జపనీయుల పక్కనే సుఖంగా ఉంది.

మూడో అభ్యంతరం నా స్నేహితుడిది. "ఇదంతా అమెరికన్ చెవికి ఊడిగం" అంటాడు. అతని పక్షాన భాషాశాస్త్రవేత్త జెన్నిఫర్ జెంకిన్స్ ఉంది. ఇంగ్లీషు సొంత భాష కానివాళ్ళు తమలో తాము మాట్లాడుకునేటప్పుడు అచ్చులను నలపనక్కరలేదనీ, వాక్యంలో ముఖ్యమైన మాట మీద బరువు సరిగ్గా పడితే చాలుననీ ఆవిడ 2000లో వాదించింది. నిజమే, ఒక తెలుగువాడూ ఒక జపనీయుడూ నిండు అచ్చులతో మాట్లాడుకుంటే ఇద్దరికీ హాయి. నేను కూడా ఇప్పుడు ప్రతి అచ్చునూ నలిపే ప్రయత్నం మానేశాను. రెండే మార్చుకున్నాను. మాటలో ఊనిక ఎక్కడుందో నిఘంటువులో చూసుకుంటాను. అమెరికన్లతో చేయలేనని చెప్పాల్సి వస్తే 'క్యాంట్' అనను, 'కెనాట్' అని రెండు అక్షరాలూ విడిగా అంటాను. చేయగలను అనేటప్పుడు క్రియ మీద గట్టిగా నిలబడతాను. ఆ తర్వాత శుక్రవారం పనులు పక్క సీటుకు వెళ్ళలేదు.

పిల్లకు ఇవేమీ చెప్పలేదు. అమ్మ తన పద్ధతిలో తను నేర్పింది. బుట్టలోంచి మామిడిపండు తీసి, వెనక్కి పెట్టుకుని, "ళ్ళు" దగ్గర నాలుకను పైకి మడిచి ఆపి చూపించి, అది సరిగ్గా వచ్చేదాకా ఇవ్వలేదు. వెళ్ళేనాటికి 'పళ్ళు' నిక్షేపంగా వచ్చింది.

పోయిన ఆదివారం వీడియో కాల్‌లో అమ్మ అడిగింది, "ఏం తిన్నావే పొద్దున?"

"పళ్ళు తిన్నాను." ద్విత్వం, దీర్ఘం, అన్నీ ఉన్నాయి. అమ్మ నా వైపు గర్వంగా చూసింది.

"ఏం పళ్ళే?"

పిల్ల కాస్త ఆలోచించింది. మూడు లఘువులు వరసగా, పట్టుకోవడానికి ఎక్కడా స్తంభం లేదు.

"అరాటిపళ్ళు" అంది.